అడిగే దారిని బట్టి జవాబు

ఫోన్ మోగుతుంది. ఎత్తగానే రికార్డు చేసిన గొంతు వినిపిస్తుంది: “మీకు పింఛను ఒకటో తేదీనే అందిందా? అందితే ఒకటి నొక్కండి, అందకపోతే రెండు నొక్కండి.” వెంటనే ఇంకో ప్రశ్న: “పింఛను ఇచ్చేటప్పుడు ఎవరైనా డబ్బులు అడిగారా?” ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి ఐవీఆర్‌ఎస్ కాల్స్ జనానికి అలవాటైపోయాయి. అభ్యర్థిగా ఎవరు కావాలని పార్టీలు అడుగుతాయి. సేవలు ఎలా అందుతున్నాయని ప్రభుత్వం అడుగుతుంది.

ఇదే ప్రశ్నను ఇంకా చాలా రకాలుగా అడగొచ్చు. కాల్ సెంటర్ నుంచి ఒక మనిషి ఫోన్ చేసి అడగొచ్చు. ట్యాబ్ పట్టుకుని ఒక అమ్మాయి ఇంటికొచ్చి అడగొచ్చు. వాట్సాప్‌లో లింకు పంపొచ్చు. కాగితం చేతికిచ్చి టిక్కు పెట్టమనొచ్చు. ప్రశ్నలో ఒక్క మాట కూడా మార్చకపోయినా చివర్లో వచ్చే శాతాలు మాత్రం ఒకేలా ఉండవు. కారణాలు రెండు. ఒక్కో దారిలో ఒక్కో రకం మనుషులు తప్పిపోతారు. దొరికిన మనిషి కూడా దారిని బట్టి జవాబు మారుస్తాడు. ఈ రెంటినీ లెక్కలోకి తీసుకోకుండా ఖర్చు ఒక్కటే చూసి దారి ఎంచుకుంటే, చేతికొచ్చిన శాతం దేన్ని కొలిచిందో ఎవరూ చెప్పలేరు.

దీన్ని ఒక ఊహా మండలంలో పెట్టి చూద్దాం. ఆ మండలంలో పింఛనుదారులు 6,000 మంది ఉన్నారు. పేర్లు, ఊళ్లు, ఫోన్ నంబర్లతో జాబితా ఉంది. పింఛను సమయానికి వస్తోందా, ఎవరైనా చెయ్యి చాస్తున్నారా అన్నది తెలుసుకోవాలి. ఈ మండలం లెక్కలన్నీ వివరించడానికి నేను అనుకున్నవే.

ఫోన్ ఎవరి చేతిలో ఉంది

అన్నిటికంటే చవక ఐవీఆర్‌ఎస్. ఒక కాల్‌కి మూడు రూపాయలు వేసుకున్నా ఆరు వేల మందికీ కలిపి పద్దెనిమిది వేలతో పని అయిపోతుంది. సాయంత్రానికల్లా లెక్కలు కూడా వచ్చేస్తాయి.

కానీ ఫోన్ మోగేది ఎవరి జేబులో? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతకు మన రెండు రాష్ట్రాల్లో 2019లో వివరాలు సేకరించారు. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 49 శాతం, తెలంగాణలో 60 శాతం అని తేలింది. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయన్నది నిజమే. అయితే ఆ లెక్కలో యాభై దాటిన ఆడవాళ్లు అసలు లేరు. వృద్ధాప్య పింఛను తీసుకునే అవ్వ పేరు పక్కన ఉన్న నంబరు చాలాసార్లు కొడుకుదో మనవడిదో అయి ఉంటుంది. ఆ కొడుకు హైదరాబాద్‌లో పనిలో ఉంటాడు. తల్లికి పింఛను ఏ రోజు అందిందో, ఇచ్చినవాళ్లు ఏమన్నారో అతనికి తెలియదు. అయినా ఒకటి నొక్కి పెట్టేస్తాడు. కంప్యూటర్ లెక్కలో అది అవ్వ జవాబే.

ఫోన్ అవ్వ చేతికే వచ్చిందనుకుందాం. ప్రశ్న వినాలంటే ఫోన్ చెవి దగ్గర ఉండాలి. అంకె నొక్కాలంటే చెవి దగ్గర నుంచి తీసి, ఆరిపోయిన స్క్రీన్‌ని వెలిగించి, కీప్యాడ్ తెరిచి నొక్కాలి. ఈలోగా గొంతు తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతుంది. చాలామంది మధ్యలోనే పెట్టేస్తారు. ఇంకొందరు ప్రశ్న పూర్తి కాకముందే మొదట వినిపించిన అంకె నొక్కేస్తారు.

ఈ చివరి లోపాన్ని పట్టుకోవడానికి తేలికైన పరీక్ష ఉంది. సగం మందికి “అందితే ఒకటి” అని, మిగతా సగానికి “అందకపోతే ఒకటి” అని వినిపించాలి. ఎవరికి ఏ క్రమం అన్నది లాటరీ పద్ధతిలో తేల్చాలి. జనం నిజంగా ప్రశ్న విని జవాబిస్తే రెండు గుంపుల్లోనూ పింఛను అందినవాళ్ల శాతం దాదాపు ఒకటే రావాలి. రెండు గుంపుల్లోనూ ఒకటి అంకే గెలిస్తే, మనం కొలిచింది పింఛనును కాదు, వేలి అలవాటును.

ఇక తప్పిపోయినవాళ్ల సంగతి. ఆరు వేల కాల్స్‌లో 900 మంది చివరిదాకా ఉన్నారనుకోండి. వాళ్లలో 54 మంది డబ్బులు అడిగారన్నారు. అంటే 6 శాతం. తొమ్మిది వందల మంది చెప్పారంటే గట్టి లెక్కలాగే కనిపిస్తుంది. కానీ జవాబివ్వని 5,100 మంది అనుభవం మనకు తెలియదు. వాళ్లలో ఒక్కరినీ ఎవరూ అడగలేదనుకుంటే అసలు శాతం 1 కంటే తక్కువ. వాళ్లందరినీ అడిగారనుకుంటే 86. ఈ రెండు కొసలూ నిజం కావని మన అనుభవం చెబుతుంది, కానీ ఆ మాట సర్వే చెప్పినది కాదు. సంఖ్య పెంచితే ఈ గొయ్యి పూడదు. ఎంతమంది జవాబిచ్చారన్నదానికంటే, ప్రయత్నించినవాళ్లలో ఎంతమంది దొరికారన్నదే ముఖ్యం.

రికార్డు గొంతు బదులు మనిషి ఫోన్ చేస్తే పరిస్థితి కొంత మెరుగవుతుంది. “అవ్వకి ఇవ్వమ్మా, ఆమెతోనే మాట్లాడాలి” అని అడగొచ్చు, అర్థం కాకపోతే మళ్లీ చెప్పొచ్చు. ఢిల్లీ, ఉత్తరప్రదేశ్ వంటి చోట్ల 2016 నుంచి జరిగిన సారీ అనే సామాజిక వైఖరుల సర్వే ఫోన్ మీదే నడిచింది. అందులో మగవాళ్లతో మగవాళ్లు, ఆడవాళ్లతో ఆడవాళ్లు మాట్లాడేలా ఏర్పాటు చేశారు. ఫోన్ ఎత్తినవాళ్లనే అడిగేయకుండా, ఆ ఇంట్లోని పెద్దవాళ్లలో ఎవరిని అడగాలో కంప్యూటరే ఎంచేది. ఇంత జాగ్రత్త పడితేనే ఫోన్ సర్వేకి విలువ. కానీ ఫోన్ ఎత్తడమన్నదే తగ్గిపోతోంది. అమెరికాలో ప్యూ రీసెర్చ్ సెంటర్ ఫోన్ సర్వేలకు 1997లో 36 శాతం మంది స్పందించేవారు. 2018 నాటికి అది 6 శాతానికి పడిపోయింది. తెలియని నంబరు అంటేనే అనుమానపడే రోజులు మనకూ వచ్చేశాయి.

గడప దాకా వెళ్తే

ముఖాముఖి సర్వేకి ఖర్చు ఎక్కువ కావడానికి కారణం ప్రశ్నలు అడిగే సమయం కాదు. మనిషిని వెతుక్కుంటూ వెళ్లే సమయం. ముందు జాబితా లోంచి ఊళ్లు ఎంచుకోవాలి. ఒక్కో ఊళ్లో పేర్లు లాటరీ పద్ధతిలో తీయాలి. ఇంటికి వెళ్తే తాళం ఉంటుంది, లేదా అవ్వ కూతురింటికి వెళ్లి ఉంటుంది. అప్పుడు పక్కింటి వాళ్లను అడిగి సరిపెట్టుకోకూడదు. వేరే రోజు, వేరే వేళలో మళ్లీ వెళ్లాలి. ఆ రెండో రాక, మూడో రాకలకే డబ్బు కరిగిపోతుంది. రోజుకు అయిదారు ఇళ్లు పూర్తయితే గొప్ప. దినభత్యం, పెట్రోలు, పైన తనిఖీ చేసే సూపర్‌వైజరు జీతం కలిపి ఒక్కో ఇంటర్వ్యూకి మన మండలంలో 600 రూపాయలు అనుకుందాం.

అంత ఖర్చు పెడితే దక్కేది కవరేజి. పైన చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వే దేశమంతటా 6,36,699 ఇళ్లకు మనుషుల్ని పంపి చేసింది. ఫోన్ లేని ఇల్లు, చదువు రాని ఇల్లు, రోడ్డు లేని తండా, అన్నీ అందులోకి వస్తాయి. అయితే గడప దాకా వెళ్లినా అందరూ దొరకరు. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో మొదలుపెట్టిన ఇంటింటి కుల సర్వేలో సుమారు 3 శాతం కుటుంబాల వివరాలు మొదటి విడతలో రాలేదు. కొన్ని ఇళ్లకు తాళాలున్నాయి. కొన్నిచోట్ల వివరాలివ్వడానికి ఇష్టపడలేదు. వాళ్లకోసం 2025 ఫిబ్రవరిలో ఇంకో అవకాశం ఇచ్చారు. ఫోన్ చేసి ఎన్యూమరేటర్‌ను పిలిపించుకోవచ్చు, ఆఫీసుకు వెళ్లి ఇవ్వొచ్చు, ఆన్‌లైన్‌లో ఫారం తీసుకుని నింపి ఇవ్వొచ్చు. ఒక దారిలో తప్పిపోయినవాళ్లను ఇంకో దారిలో పట్టుకోవడమంటే ఇదే.

మన మండలంలో 400 పేర్లు తీసి, మూడుసార్ల దాకా తిరిగి, 360 మందిని కలిశామనుకుందాం. వాళ్లలో 24 మంది డబ్బులు అడిగారన్నారు. దొరకని 40 మందిలో ఎవరినీ అడగలేదనుకుంటే శాతం 6. అందరినీ అడిగారనుకుంటే 16. లాటరీలో ఎంచిన పేర్లు కాబట్టి అటూ ఇటూ మూడు శాతం దాకా తేడా ఉండొచ్చు, అది వేరే. అయినా 6 నుంచి 16 అన్నది ఒక అధికారి పనికొచ్చేలా వాడుకోగల సమాచారం. 1 నుంచి 86 దేనికీ పనికిరాదు. 900 కంటే 360 మెరుగైన సంఖ్య ఎలా అయిందో ఈ లెక్కే చెబుతుంది.

ఎదురుగా మనిషి ఉన్నప్పుడు

ఇప్పుడు రెండో చిక్కు. దొరికిన 360 మందీ ఉన్నది ఉన్నట్టు చెప్పారా?

ప్యూ సంస్థ 2014లో దీన్ని నేరుగా పరీక్షించింది. తన దగ్గర పేరు నమోదు చేసుకున్న 3,003 మందిని లాటరీ పద్ధతిలో రెండుగా విడదీసింది. ఒక సగాన్ని ఫోన్‌లో మనిషి అడిగారు. మిగతా సగం ఇంటర్నెట్‌లో సొంతంగా జవాబులు నింపారు. 60 ప్రశ్నల్లో రెండు గుంపుల మధ్య తేడా సగటున 5.5 శాతం పాయింట్లు వచ్చింది. అన్నిటికంటే పెద్ద తేడా 18 పాయింట్లు. అది ఏ రాజకీయ ప్రశ్నకో కాదు, కుటుంబ జీవితం గురించి అడిగిన దానికి. ‘చాలా సంతృప్తిగా ఉంది’ అని ఫోన్‌లో 62 శాతం అన్నారు, స్క్రీన్ మీద 44 శాతమే అన్నారు. కొత్త మనిషి చెవిలో మా ఇంట్లో బాగోలేదని ఎవరూ చెప్పుకోరు. అబద్ధమాడాలన్న ఉద్దేశం అక్కర్లేదు, మర్యాద చాలు.

మన దేశంలో ఇండియా మానవాభివృద్ధి సర్వే 2011–12లో ముఖాముఖి అడిగినప్పుడు, తమ ఇంట్లో ఎవరో ఒకరు అంటరానితనం పాటిస్తున్నామని దాదాపు 27 శాతం కుటుంబాలు ఒప్పుకున్నాయి. చట్టం నేరమన్న పనిని తెలియని మనిషి ముందు ఒప్పుకున్నవాళ్ల లెక్క అది. ఒప్పుకోనివాళ్లు ఎందరో తెలియదు కాబట్టి దాన్ని కనీస అంచనాగానే చదవాలి.

అడిగే మనిషే కాదు, పక్కన కూర్చున్న మనిషి కూడా జవాబును మారుస్తాడు. అందుకే కుటుంబ ఆరోగ్య సర్వేలో గృహహింస ప్రశ్నలకు ప్రత్యేక నియమాలున్నాయి. ఇంటికి ఒక్క ఆడమనిషినే అడుగుతారు. అడిగేది కూడా ఆడమనిషే. ఎవరికీ వినపడని చోటు దొరకకపోతే ఆ భాగం అడగకుండానే వదిలేస్తారు. అత్తగారు వంటింట్లో ఉండగా రాబట్టిన ‘లేదు’ కంటే ఖాళీగా వదిలిన గడే నయమని ఆ నియమం భావం. ఫోన్‌లో ఈ జాగ్రత్తకు వీల్లేదు. అవతల స్పీకరు పెట్టారో లేదో, పక్కన భర్త ఉన్నాడో లేదో అడిగేవాళ్లకు కనపడదు. మరీ తప్పనప్పుడు ప్రశ్నను అవును, కాదు అన్న మాటలతోనే జవాబు చెప్పేలా కుదిస్తారు, పక్కవాళ్లకు ప్రశ్న వినపడదు కాబట్టి.

మన పింఛను ప్రశ్నను చూడండి. దాన్ని సచివాలయ సిబ్బందే అడిగితే? నెలనెలా డబ్బు తెచ్చిచ్చే మనిషి నిలబడి “మేం డబ్బులడిగామా అవ్వా?” అంటే ఏ అవ్వా ఔననదు. వచ్చే నెల కూడా ఆ మనిషే రావాలి. అడిగేవాళ్లు బయటివాళ్లయినా, ట్యాబ్ చూస్తే అవ్వకు ఇద్దరూ ప్రభుత్వం మనుషులే. పేరు తీసేస్తారేమోనన్న భయం ఆమె జవాబులో కలిసిపోతుంది.

నోరు విప్పకుండా చెప్పే దారి

కవరేజి కోసం మనిషి వెళ్లాలి. నిజం కోసం మనిషి పక్కకు తప్పుకోవాలి. ఈ రెండూ కుదిర్చిన పద్ధతులున్నాయి.

అమెరికాలో మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం పూర్వ విద్యార్థుల మీద జరిగిన ఒక పరిశోధన 2008లో వెలువడింది. చదువుకునేటప్పుడు తక్కువ మార్కులొచ్చాయా, మధ్యలో కోర్సు వదిలేశారా వంటి ప్రశ్నలు అడిగారు. లాటరీ పద్ధతిలో కొందరిని ఫోన్‌లో మనిషి, కొందరిని రికార్డు గొంతు అడిగాయి. మిగతావాళ్లు ఇంటర్నెట్‌లో నింపారు. అసలు నిజం విశ్వవిద్యాలయం రికార్డుల్లో ఉంది కాబట్టి ఎవరు దాచారో తేలిపోయింది. చెప్పుకోవడానికి ఇబ్బందిగా ఉండే విషయాలు ఇంటర్నెట్‌లో ఎక్కువగా, ఎక్కువ సరిగ్గా బయటికొచ్చాయి. మనిషి ఫోన్ చేసినప్పుడు తక్కువగా వచ్చాయి. రికార్డు గొంతు మధ్యలో నిలిచింది. ఎదురుగా ఇంకో మనిషి లేకపోవడమే నోరు తెరిపించిందన్నమాట.

చదువు రానివాళ్లకు ఇంటర్నెట్ కుదరదు. అయినా ఆ ఏకాంతం ఇవ్వొచ్చు. ఎన్నికల మీద అధ్యయనాలు చేసే లోక్‌నీతి సంస్థ కార్యకర్తలు ఇంటికే వచ్చి అన్ని ప్రశ్నలూ నోటితో అడుగుతారు. ఎవరికి ఓటేశారన్న ప్రశ్న దగ్గర మాత్రం గుర్తులున్న నమూనా బ్యాలెట్ చేతికిచ్చి, తమ దగ్గరున్న డబ్బాలో మడిచి వేయమంటారు. ఒకే ఇంటర్వ్యూలో రెండు దారులు కలిశాయి.

దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లింది కర్ణాటకలో హెచ్‌ఐవీ నివారణ పనిలో వాడిన పోలింగ్ బూత్ సర్వే. పది, పన్నెండు మందిని ఒకచోట కూర్చోబెడతారు. ఒకరికొకరు కనపడకుండా అడ్డుతెరలుంటాయి. ఒక్కొక్కరి ముందు మూడు డబ్బాలు ఉంటాయి. ఆకుపచ్చది ఔననడానికి, ఎర్రది కాదనడానికి, తెల్లది తనకు వర్తించదనడానికి. చేతిలో అంకెలు వేసిన కార్డులుంటాయి. ప్రశ్న గట్టిగా చదువుతారు, ఆ అంకె ఉన్న కార్డును తమకు నచ్చిన డబ్బాలో వేస్తారు. పేరు ఉండదు, చదవనక్కర్లేదు, మాట్లాడనక్కర్లేదు. ముఖాముఖి చెప్పడానికి వెనకాడిన ప్రవర్తనలు ఈ పద్ధతిలో ఎక్కువగా బయటపడ్డాయి.

దీనికి ఒక పెద్ద పరిమితి ఉంది. కార్డులన్నీ కలిసిపోతాయి కాబట్టి గుంపు మొత్తం మీద శాతమే తెలుస్తుంది. మూడో ప్రశ్నకు ఔనన్న మనిషే ఏడో ప్రశ్నకు ఏమన్నాడో తెలియదు. వితంతువుల దగ్గరే ఎక్కువ అడుగుతున్నారా అన్నది తేలాలంటే వితంతువుల గుంపును విడిగా కూర్చోబెట్టాలి.

డబ్బాలు తారుమారైతే? అందుకే మొదట జవాబు తెలిసిన ప్రశ్న ఒకటి అడగాలి. పింఛనుదారులనే పిలిచాం కాబట్టి “మీకు పింఛను వస్తోందా?” అంటే అన్ని కార్డులూ ఆకుపచ్చ డబ్బాలోనే పడాలి. వందలో మూడు ఎర్ర డబ్బాలో కనిపిస్తే పొరపాటు ఎంత మేరకు జరుగుతోందో అక్కడే తెలుస్తుంది. మూడు శాతం పొరపాటున్న చోట రెండు శాతం లంచాన్ని కనిపెట్టామని చెప్పుకోకూడదు.

లింకు, కాగితం

ఏకాంతం మంచిదైతే అందరికీ లింకు పంపితే సరిపోదా? అదే కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. ఇది 2019 నాటి లెక్క, పైగా 49 ఏళ్ల లోపువాళ్లది. వాట్సాప్ గ్రూపుల్లో వదిలే లింకుకు ఇంకో జబ్బు కూడా ఉంది. ఎంతమందికి చేరిందో తెలియదు కాబట్టి ఎంతమంది తప్పిపోయారో కూడా తెలియదు. పైన వేసినలాంటి 6 నుంచి 16 లెక్క అసలు వెయ్యలేం.

జాబితా చేతిలో ఉండి, అందులో అందరికీ ఇంటర్నెట్ ఉన్నప్పుడు ఆన్‌లైన్‌కు మించింది లేదు. ఒక కంపెనీ ఉద్యోగులు, ఒక కాలేజీ విద్యార్థులు, విదేశాల్లో ఉన్న పూర్వ విద్యార్థులు. అందరికీ ఇంటర్నెట్ లేని చోట దాన్ని సమకూర్చడానికి డబ్బు పెట్టాలి. ప్యూ సంస్థ ఇప్పుడు ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే అడుగుతోంది. కానీ పాల్గొనేవాళ్లను ఇళ్ల చిరునామాల జాబితా లోంచి లాటరీలో ఎంచి ఉత్తరం రాసి పిలుస్తుంది. ఇంటర్నెట్ లేనివాళ్లకు ట్యాబ్, కనెక్షన్ తనే ఇస్తుంది. ఆన్‌లైన్ చవక అన్న మాట వెనక ఈ ఖర్చు దాగి ఉంటుంది.

పోస్టులో వచ్చే కాగితం ప్రశ్నావళి ఇప్పటికీ అమెరికా లాంటి చోట్ల బతికే ఉంది. ప్రతి ఇంటి చిరునామా తపాలా శాఖ జాబితాలో ఉండడం, చదువు రావడం అందుకు కారణాలు. ముందు లింకుతో ఉత్తరం పంపి, స్పందించనివాళ్లకు తర్వాత కాగితం పంపడం అక్కడ మామూలు. మన పల్లెల్లో ఆ రెండూ లేవు. కాబట్టి మనకు కాగితం పోస్టులో కాదు, మనిషి చేతిలో వెళ్లి డబ్బాలో పడేలా పనికొస్తుంది. 2027 జనగణనలో ఇంటర్నెట్ ద్వారా సొంతంగా వివరాలు నమోదు చేసుకునే అవకాశం ప్రకటించారు. అక్కడ కూడా ఎన్యూమరేటర్ ఇంటికి రావడం ఆగదు. లింకు ఆయన పనిని తగ్గిస్తుందే గాని ఆయన స్థానంలోకి రాదు.

చెవితో వినే ప్రశ్నకూ కంటితో చదివే ప్రశ్నకూ ఇంకో తేడా ఉంది. అయిదారు ఎంపికలను ఫోన్‌లో చదివితే చివర విన్నది గుర్తుండి అదే చెప్పేవాళ్లు పెరుగుతారు. స్క్రీన్ మీద చదివితే పైన ఉన్నవాటి దగ్గరే ఆగిపోయేవాళ్లు పెరుగుతారు. అందుకే ఫోన్ ప్రశ్నలకు ఎంపికలు రెండుమూడుకు మించకుండా చూస్తారు.

మన మండలానికి ఏది

అన్నీ కలిపి మన మండలం సర్వే రూపొందిద్దాం. తెలుసుకోవాల్సినవి రెండు రకాలు. పింఛను ఏ తేదీన వచ్చింది, ఎంత వచ్చింది అన్నవి మామూలు విషయాలు. వీటిని ఎవరు ఎలా అడిగినా జవాబు పెద్దగా మారదు. డబ్బులు అడిగారా అన్నది భయంతో ముడిపడిన విషయం. దారి ఎంచాల్సింది ఈ రెండోదాన్ని బట్టే.

ఇరవై ఊళ్లు, ఊరికి ఇరవై మంది చొప్పున 400 పేర్లు తీస్తాం. సచివాలయంతో సంబంధం లేని మనుషుల్ని పంపుతాం. పోలింగ్ బూత్‌లా అందరినీ ఒకచోట పోగెయ్యం, మంచంలో ఉన్న పింఛనుదారులు రాలేరు కాబట్టి. డబ్బాలనే ఇంటికి తీసుకెళ్తాం. తేదీ, మొత్తం నోటితో అడుగుతాం. లంచం ప్రశ్న దగ్గర మాత్రం కార్డు చేతికిచ్చి అటు తిరిగి నిలబడతాం. ఒకే ఊరి డబ్బా కాబట్టి కార్డులు కలిసిపోతాయి. ఖర్చు 400 మందికి 600 చొప్పున 2,40,000 రూపాయలు.

డబ్బా నిజంగా తేడా తెస్తోందా అని కూడా ఇక్కడే తేల్చుకోవచ్చు. ఏ ఇంట్లో నోటితో అడగాలో, ఏ ఇంట్లో డబ్బా ఇవ్వాలో ముందే లాటరీ వేస్తాం. దొరికిన 360 మందిలో 180 మందిని నోటితో అడిగితే 11 మంది, అంటే 6 శాతం, ఔనన్నారనుకోండి. డబ్బా ఇచ్చిన 180 మందిలో 25 మంది, అంటే 14 శాతం, ఆకుపచ్చ డబ్బాలో వేశారు. లాటరీతో విడదీశాం కాబట్టి రెండు గుంపుల మనుషులూ ఒకే రకం. ఎనిమిది పాయింట్ల తేడా యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం చాలా తక్కువ. నోటి జవాబుల్లో సగానికి పైగా దాగిపోతోందని అర్థం. ఇకమీదట ఎవరైనా నోటితో అడిగి 6 శాతం అని నివేదిక ఇస్తే దాన్ని ఎలా చదవాలో మనకు తెలుస్తుంది.

మొదటిసారి వెళ్లినప్పుడే సొంత ఫోన్ ఉందా, ఎవరిది, ఎప్పుడు చేస్తే దొరుకుతారు అని రాసుకుంటాం. ఆ తర్వాత నెలల్లో తేదీ, మొత్తం కనుక్కోవడానికి ఇంటికి వెళ్లనక్కర్లేదు. సొంత ఫోన్ ఉన్న 250 మందికి మనిషి ఫోన్ చేస్తే ఒక్కొక్కరికి 120 చొప్పున 30,000, మిగతా 150 మంది దగ్గరికి వెళ్తే 90,000. మొత్తం 1,20,000, అంటే సగం ఖర్చు. మనిషిని ఒకసారి చూశాక వచ్చిన ఫోన్ తెలియని నంబరు కాదు. కేంద్ర ప్రభుత్వ శ్రామిక సర్వే కోవిడ్ కాలంలో చేసింది ఇదే. ఇంతకుముందు ఇంటికి వెళ్లి వివరాలు తీసుకున్న కుటుంబాలను తర్వాతి విడతల్లో ఎక్కువగా ఫోన్ మీదే అడిగింది.

ఐవీఆర్‌ఎస్ పనికిరాదని కాదు. ఒక నెల ఒక సచివాలయం పరిధిలో ‘అందలేదు’ అన్నవాళ్లు హఠాత్తుగా పెరిగితే అక్కడికి మనిషిని పంపడానికి అది మంచి సూచన. అయితే దాన్ని మండలం మొత్తం సంతృప్తి శాతమని ప్రకటించకూడదు.

మధ్యలో దారి మారిస్తే

ఏటా చేసే సర్వేలో దారి మార్చడం అన్నిటికంటే ప్రమాదకరం. బ్రిటన్ శ్రామిక సర్వేలో తొలి ఇంటర్వ్యూ ముఖాముఖి జరిగేది. కోవిడ్ రాగానే 2020 మార్చిలో దాన్ని ఫోన్‌కు మార్చారు. సొంతిల్లు ఉన్నవాళ్ల ఫోన్ నంబర్లు దొరికినంతగా అద్దెకుండేవాళ్లవి దొరకలేదు. దాంతో నమూనాలో సొంతింటివాళ్లు పెరిగిపోయారు. ఆ వంపు సరిచేయడానికి ఆ ఏడాదే లెక్కలకు కొత్త తూకాలు వేయాల్సి వచ్చింది. ఆ తర్వాత స్పందనలు పడిపోతూ 2023లో 17 శాతానికి చేరాయి. ఆ ఏడాది అక్టోబరులో ఆ సర్వే అంకెల ప్రచురణను కొంతకాలం ఆపేశారు. దేశంలో నిరుద్యోగం ఎంతో చెప్పాల్సిన సర్వే అది.

తూకాలతో సరిచేయగలిగేది మనకు కనిపించే తేడాలనే. వయసు, కులం, ఊరు, సొంతిల్లు వంటివి. దారి వల్ల జవాబే మారితే తూకం దాన్ని పట్టుకోలేదు. కాబట్టి దారి మార్చక తప్పనప్పుడు ఒక విడత పాత దారినీ కొత్త దారినీ పక్కపక్కన నడిపి తేడా కొలవాలి. ఆ డబ్బు మిగుల్చుకుంటే, నిరుడు 14 ఉన్నది ఈ ఏడు 6 అయిందని చెప్పినప్పుడు లంచం తగ్గిందో, డబ్బా తీసేసి నోటితో అడిగారో ఎవరికీ తేలదు.

పత్రికలో ఏదైనా సర్వే శాతం కనిపిస్తే చదివేవాళ్లు వెతకాల్సినవి ఈ వివరాలే. ఎలా అడిగారు? ఎవరి జాబితా లోంచి తీశారు? ఎంతమందిని ప్రయత్నిస్తే ఎంతమంది దొరికారు? అడిగిందెవరు, పక్కన ఎవరున్నారు? నిరుడు కూడా ఇలాగే అడిగారా? వీటికి జవాబు లేని నివేదికలో ‘లక్షమంది అభిప్రాయం’ అని రాసినా ఆ లక్షకు బరువు లేదు. సర్వే చేయించేవాళ్లు డబ్బు లెక్క వేసుకునే ముందు రెండు విషయాలు తేల్చుకోవాలి. తమ ప్రశ్నల్లో చెప్పడానికి అన్నిటికంటే కష్టమైనది ఏది? తమ జాబితాలో దొరకడానికి అందరికంటే కష్టమైన మనిషి ఎవరు? ఆ ప్రశ్నకు ఆ మనిషి నిజం చెప్పగలిగే దారికి ముందు డబ్బు తీసి పెట్టాలి. మిగిలిన ప్రశ్నలకు చవక దారులు వాడుకోవచ్చు.